తెల్లగా ఉండిపోయిన పేజీ

తూనీగకు అసలు పేరొకటి ఉంది గానీ, ఇంట్లో దాన్ని వాడినవాళ్లు లేరు. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేది కాదని అక్క పెట్టిన ముద్దుపేరే స్థిరపడిపోయింది. పెద్దయ్యాక మాత్రం ఆ పేరుకు పూర్తిగా విరుద్ధమైన పని ఎంచుకుంది. కుర్చీలోంచి లేవకుండా దుకాణాలకూ, క్లినిక్‌లకూ, హోటళ్లకూ వెబ్ పేజీలు తయారుచేసేది. అక్కాబావల రెస్టారెంట్ పేజీ కూడా ఆమె చేతి పనే.

ఆ రోజు పొద్దున్న అక్క ఫోన్ చేసి, ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వచ్చింది.

"ఫోన్లో మన పేజీ తెరిచినవాళ్లు తెరిచినట్టే పారిపోతున్నారటే. నిన్న ఒకాయన ముఖం మీదే అన్నాడు, మీ పేజీ తెరుచుకునేలోపు ఆకలి చచ్చిపోతోందమ్మా అని. ఓసారి వచ్చి చూసిపో."

"ఇక్కణ్ణుంచే చూస్తాలే అక్కా."

"నీ దగ్గర అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇక్కడికొచ్చి చూడు."

అక్క మాటలో నిజముంది. తూనీగ ఇంట్లో పెద్ద తెర, మెరుపులాంటి ఇంటర్నెట్. రెస్టారెంట్ చూస్తే ఊరి చివర, ఏటి ఒడ్డున, సిగ్నల్ వచ్చీరానట్టుండే చోట. పైగా మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. అయినా బయల్దేరింది.

అక్కడికి చేరడానికి రెండు దారులు. పెద్ద రోడ్డు చీలిన చోట ఎడమకు తిరిగితే పై దారి. గుట్ట చుట్టూ తిరిగి, ఆలస్యంగానైనా పొడి కాళ్లతో తీసుకొస్తుంది. కుడికి తిరిగితే కింది దారి. ఏటి వెంబడే వచ్చి, చివర్లో ఒక చప్టా దాటిస్తుంది. ఏరు సన్నగా పారుతున్నప్పుడు ఆ కాంక్రీటు దారి మీదుగా బళ్లు హాయిగా వెళ్లిపోతాయి. ఏరు పెరిగితే చప్టా నీళ్లలో మునిగిపోతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు వానాకాలంలో కింది దారి వైపు చూడరు. తెలియనివాళ్లకు తెలియజెప్పడానికి అక్క ఆ ఉదయమే పేజీలో ఒక హెచ్చరిక పెట్టించింది. తూనీగ దాన్ని 'మా దగ్గరికి దారి' అన్న శీర్షిక కింద, మ్యాప్ తర్వాత, ఫోన్ నంబరు పక్కన చేర్చింది. దారి సంగతి దారి దగ్గరే ఉండాలి కదా అనుకుంది.

పై దారిలో వచ్చి, గొడుగు మడిచి వంటగదిలోకి అడుగుపెట్టేసరికి బావ సూప్ కలుపుతున్నాడు.

"వచ్చావా మరదలా! మీ అక్క పొద్దున్నుంచి ఆ పేజీని తిడుతోంది. నువ్వొచ్చావు కాబట్టి ఇక నా చెవులకి సెలవు."

"నన్ను తిట్టడం మొదలుపెడుతుందిలే బావా, కాసేపు ఆగు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజుకు అదే చివరి నవ్వని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

తూనీగ వంటగది వెనక గుమ్మంలో నిలబడి ఫోన్ తీసింది. సిగ్నల్ ఒక గీత. పేజీ నొక్కింది. తెర తెల్లబడింది. అలాగే ఉంది. బయట చూరు నీళ్లు బక్కెట్లో పడి, బక్కెట్ నిండి పొర్లుతున్నా తెర మీద ఒక్క అక్షరం పడలేదు.

ఆమెకు కారణం తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. టేబుల్ బుక్ చేసుకునే క్యాలెండర్ ఆమె సొంతంగా రాసింది కాదు. ఒక కంపెనీ ఇచ్చిన కోడ్ ముక్కను తెచ్చి పేజీ తలభాగంలో అతికించింది. ఆ కోడ్ వాళ్ల సర్వర్ నుంచి పూర్తిగా దిగేదాకా బ్రౌజర్ కింద ఉన్నదేదీ గీయకుండా ఆగిపోతుంది. ఇంట్లో అది కనురెప్ప పాటు. ఇక్కడ అది ఎంతసేపో.

చివరికి పేజీ వచ్చింది. వచ్చాక ఇంకా అన్యాయంగా ఉంది. కిందికి జరుపుదామని వేలు పెడితే, తెర నిండా పరుచుకున్న మ్యాప్ ఆ వేలిని పట్టేసుకుంది. పేజీ కదలడం లేదు, మ్యాప్ కదులుతోంది. ఏరు, గుట్ట, రోడ్లు వేలి కింద జారిపోతున్నాయి. మ్యాప్ అంచు ఎక్కడుందో దొరికితేగా, దాన్ని దాటి కింద ఉన్న హెచ్చరికనూ ఫోన్ నంబరునూ చేరేది! పైగా ఆ మ్యాప్‌లో పెద్ద రోడ్డు నుంచి రెస్టారెంట్ దాకా ఒక నీలం గీత. దగ్గరి దారి అని అది చూపిస్తున్నది కింది దారినే.

తూనీగ లోపలికి తిరిగింది. "అక్కా," అని పిలిచింది. "పొద్దున్న పెట్టిన హెచ్చరిక ఫోన్లో ఎవరికీ కనిపించదు."

అక్క జవాబిచ్చేలోపే ముందు తలుపు ధడాలున తెరుచుకుంది. రొట్టెలు తెచ్చే వ్యాన్ డ్రైవరు, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని, నీళ్లు కారుతూ లోపలికి వచ్చాడు.

"అమ్మగారూ, ఇవాళ మీ దగ్గరికి ఎవరైనా కారులో వస్తున్నారా?"

"చాలామందే రావాలి. ఏం?"

"చీలిక దగ్గర ఒక తెల్లకారు కింది దారిలోకి తిరిగింది. హారన్ కొట్టాను, లైట్లు వేశాను. ఆగలేదు. ముందు సీట్లో ఒక ముసలాయన, వెనక పిల్లలు. నేనొచ్చేటప్పుడు గుట్ట మీంచి చూశాను అమ్మగారూ. ఏరు ఎర్రగా పారుతోంది. చప్టా మీదికి ఎక్కేసింది."

అక్క చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టింది. పెట్టిన తీరుకు చెంచాలు కిందపడ్డాయి. వాటిని ఎవరూ తీయలేదు.

తూనీగ అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచి ఆ మధ్యాహ్నం బుకింగ్‌లు చూస్తోంది. ఒక దాని దగ్గర ఆమె వేలు ఆగింది. ఐదుగురు. దాని కింద ఒక మాట రాసి ఉంది: 'మా నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయింది. నడవలేరు. గుమ్మానికి దగ్గర్లో, మెట్లు లేని చోట టేబుల్ ఇవ్వగలరా?'

"వీళ్లే," అంది అక్క, చెల్లెలి భుజం మీదుగా వంగి. "పొద్దున్నే గుమ్మం పక్క టేబుల్ తీసిపెట్టాను కూడా. నంబరేదీ? ఫోన్ చెయ్ తొందరగా."

నంబరు గడి ఖాళీగా ఉంది.

తూనీగ పైకీ కిందికీ చూసింది. కొందరికి నంబర్లున్నాయి, కొందరికి లేవు. ఎందుకలా? మరుక్షణం అర్థమై, వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టయింది. క్యాలెండర్ పెట్టె వెడల్పు పెద్ద తెరకు సరిపడా బిగించి ఉంది. ఫోన్లో దాని కుడివైపు ముక్క తెరకు అవతల పడి కోసుకుపోతోంది. వారంలో ఆఖరి రెండు రోజులు సగం కనిపించవు. వాటి కింద, అదే కుడివైపున, ఫోన్ నంబరు అడిగే గడి. కనిపించని గడిని ఎవరు నింపుతారు? కంప్యూటర్లో బుక్ చేసినవాళ్లందరి నంబర్లూ ఉన్నాయి. ఫోన్లో బుక్ చేసినవాళ్లది ఒక్కటీ లేదు.

"మెయిల్ అడ్రస్ ఉంది," అంది. గబగబా రెండు వాక్యాలు రాసి పంపింది. పంపుతూనే దాని విలువెంతో ఆమెకు తెలుసు. బండి నడుపుతూ మెయిల్ ఎవరు చూస్తారు?

బావ పొయ్యి ఆర్పేశాడు. వెయిటర్ని వెంట రమ్మని, స్టోర్ గదిలోంచి మోకు, టార్చి తీసుకున్నాడు. "నేను చప్టా దాకా వెళ్లి చూస్తా."

"నువ్వు నీళ్లలో దిగవని నాకు మాటివ్వు," అంది అక్క.

"దిగనులే."

"దిగనులే కాదు. దిగనని చెప్పు."

బావ ఆమె ముఖంలోకి చూశాడు. "దిగను," అన్నాడు. వెళ్లిపోయాడు.

అక్క తన సెల్‌ఫోన్‌తో అగ్నిమాపక కేంద్రానికి చేసింది. అవతలివాళ్లు అన్నీ వివరంగా అడిగారు. బండి పంపుతామన్నారు, కానీ పై దారిలో రావాలి, మధ్యలో చెట్లు పడ్డాయి, ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లింది. వాన తెరలు తెరలుగా పడుతోంది. కిటికీలోంచి మామూలుగా చప్టా కనిపించేది. ఇప్పుడు ఆ వైపున్నది బూడిద రంగు ఒక్కటే.

అంతలో కరెంటు పోయింది. ఫ్రిజ్‌లు ఒక్కసారిగా మూగబోయాయి. వైఫై పెట్టె మీద పచ్చ దీపం కూడా ఆరిపోయింది.

తూనీగ ల్యాప్‌టాప్ ఎత్తుకుని వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి, అక్కడున్న పిండి డబ్బా మీద పెట్టింది. తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసింది.

"ఇప్పుడేం చేస్తున్నావే?"

"పేజీ మారుస్తున్నా."

అక్క ముఖం ఎర్రబడింది. "మనుషుల ప్రాణాల మీదికొస్తే పేజీ ఏంటే నీకు? పద, మనం కూడా రోడ్డు మీదికి వెళ్దాం."

"వెళ్లి ఏం చేస్తాం అక్కా? వాళ్లు అవతల ఉన్నారు." తూనీగ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "వాళ్ల నంబరు మన దగ్గర లేదు. మన నంబరు వాళ్ల దగ్గర లేదు. అక్కడ నీళ్లు చూసి ఆగితే, హోటల్ వాళ్లని అడుగుదామనుకుంటారు. అప్పుడు ఏం తెరుస్తారు? ఇదే తెరుస్తారు. తెల్లగా ఉంటుంది. అది చూసి, సరే హోటల్ ఎదురుగానే ఉంది కదా అని బండి ముందుకు పోనిస్తారు."

 అక్క కౌంటర్ మీది హోటల్ సెల్‌ఫోన్, పేజీలో ఉన్న నంబరు దానిదే, తీసుకొచ్చి రెండు చేతుల్తో పట్టుకుని చెల్లెలి పక్కన నిలబడింది.

తూనీగ పేజీ ఫైలు తెరిచింది. ఎప్పుడూ ఆలోచించకుండా పరిగెత్తే వేళ్లు ఇప్పుడు తప్పు అక్షరాల మీద పడుతున్నాయి. ముందు తలభాగంలోని క్యాలెండర్ కోడ్ తీసేసింది. మ్యాప్ పెట్టెను మొత్తంగా పీకేసింది. క్యాలెండర్ పెట్టె ఉన్నచోట ఒక మామూలు లింకు పెట్టింది. కావలసినవాళ్లు దాన్ని నొక్కితేనే క్యాలెండర్ వేరే పేజీలో తెరుచుకుంటుంది, నొక్కకపోతే దాని జోలే ఉండదు. పెద్ద ఫోటోలు కూడా తీసేసింది, అక్క ఎంతో ముచ్చటపడి తీయించిన వరండా ఫోటోతో సహా. ఇక మిగిలినవి అక్షరాలే. అక్షరాలు తేలిక. ఒక గీత సిగ్నల్ మీద కూడా నడిచిపోతాయి.

అన్నిటికంటే పైన, మొట్టమొదటి వరుసలో ఏం రాయాలో ఆమెకు తోచలేదు. "నువ్వు చెప్పక్కా."

అక్క ఆలోచించలేదు. "కింది దారిలో రావద్దు. చప్టా మునిగింది. నీళ్లలోకి బండి దింపవద్దు. ఎక్కడున్నా అక్కడే ఆగి ఈ నంబరుకి చెయ్యండి."

తూనీగ అలాగే టైప్ చేసింది. దాని కింద నంబరు పెద్ద అక్షరాల్లో, వేలితో తాకితే చాలు ఫోన్ కలిసేలా పెట్టింది. మొత్తం ఫైలు చిన్న ఉత్తరం ముక్కంత అయింది. పంపింది.

పంపుతున్నట్టు చూపించే గీత సగం దాకా వెళ్లి ఆగింది. మళ్లీ కదిలింది. ఆగింది. అక్క ఊపిరి చెల్లెలి మెడకు తగులుతోంది. ఎక్కడో చెట్టు విరిగిన చప్పుడు. గీత చివరికి చేరింది.

తూనీగ ఫోన్లో పేజీ తెరిచింది. తెల్ల తెర. తర్వాత, మెల్లగా, అదే పాత మ్యాప్.

"ఇది పాతదే కదే!"

తూనీగకు ఒక క్షణం ఏమీ తోచలేదు.  ఫైలు వెళ్లింది. వెళ్లినట్టు చూపించింది. మరి ఇదెక్కణ్ణుంచి వస్తోంది? కళ్లు గట్టిగా మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. పేజీ త్వరగా వెళ్లాలని, దాన్ని తన సర్వర్లో ఉంచే హోస్టింగ్ కంపెనీ దాని నకలొకటి దాచి ఉంచుతుంది. అడిగినవాళ్లకు ఆ దాచిన నకలే ఇస్తుంది. దాన్ని చెరిపేస్తేనే కొత్తది బయటికొస్తుంది.

అందుకు ఆ కంపెనీ కంట్రోల్ ప్యానెల్ తెరవాలి. అది బరువైన పేజీ. ఈ సిగ్నల్ మీద అది తెరుచుకోవాలి. తూనీగ ఫోన్‌ని గుమ్మం బయటికి, వానలోకి, చాచి పట్టుకుంది. చెయ్యి, మోచెయ్యి, భుజం తడిసిపోయాయి. "తెరుచుకో, తెరుచుకో," అని పళ్ల మధ్య గొణుగుతోంది. అక్క ఫోన్ మీదికి పళ్లెం గొడుగులా పట్టింది.

తెరుచుకుంది. దాచిన నకలు చెరిపేయాలా అని అడిగింది. నొక్కింది.

మళ్లీ పేజీ తెరిచింది. ఈసారి వేలు తీయకముందే వచ్చేసింది. తెల్లటి నేల మీద నల్లటి నాలుగు మాటలు. కింద నంబరు. అందమంటూ ఏమీ లేదు. తూనీగ తన జీవితంలో చేసిన పేజీలన్నిటిలోకీ అంత బోసిగా ఉన్నది ఇంకోటి లేదు.

ఇక చేయగలిగింది లేదు. అదే అన్నిటికంటే భయంకరంగా అనిపించింది. పని ఉన్నంతసేపూ భయాన్ని పక్కకు నెట్టింది. ఇప్పుడది ఎదురుగా వచ్చి కూర్చుంది. కారు అద్దాల దాకా నీళ్లు, లోపల పిల్లలు, తలుపు తెరుచుకోక, నడవలేని ముసలాయన... కళ్లు తెరిచి ఉన్నా మూసి ఉన్నా అదే బొమ్మ.

"నేను మ్యాప్ పెట్టమనకుండా ఉండాల్సింది," అంది అక్క. "అందరూ పెట్టుకుంటున్నారని..."

"ఇప్పుడొద్దక్కా."

కౌంటర్ ఫోన్ మోగింది.

అక్క ఉలిక్కిపడి దాన్ని దాదాపు జారవిడిచింది. స్పీకర్ నొక్కింది.

"హలో, రెస్టారెంటేనా అండీ?" ఒక ఆడమనిషి గొంతు. మర్యాదగా, కాస్త సిగ్గుపడుతున్నట్టుగా ఉంది. "మేం మీ దగ్గరికే వస్తున్నామండీ. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. చప్టా దగ్గరున్నాం. నీళ్లు ఉన్నాయి గానీ ఎక్కువ లోతుగా ఏం లేనట్టుంది. అవతలి ఒడ్డున మీ హోటల్ బోర్డు మసగ్గా కనిపిస్తూనే ఉంది. మీ పేజీలో దింపవద్దని రాశారు చూశాను. ఊరికే జాగ్రత్తకి రాశారా, లేక నిజంగానే... మెల్లగా వచ్చెయ్యొచ్చా?"

"వద్దు తల్లీ!" అక్క అరిచింది. ఆ అరుపుకు తూనీగే అదిరిపడింది. "వద్దమ్మా, దిగొద్దు. బండి నీళ్లలో ఉందా?"

"ముందు చక్రాలు... కొంచెం తడిశాయి."

"వెనక్కి తియ్యి. ఇప్పుడే తియ్యి. నేను ఫోన్లోనే ఉంటా. మాట్లాడకు, ముందు వెనక్కి తియ్యి."

ఇంజను గట్టిగా మూలిగిన చప్పుడు వచ్చింది. చక్రాలు గులకరాళ్ల మీద గిర్రున తిరిగాయి. వెనక ఒక పిల్ల ఏడుపు. "అమ్మా, నీళ్లు," అని ఇంకో గొంతు. తర్వాత ముసలాయన గొంతు, తాపీగా, వణుకు అణచుకుంటూ: "స్టీరింగు తిన్నగా పట్టు తల్లీ. కంగారుపడకు. నేను వెనక్కి చూస్తున్నా కదా."

మళ్లీ ఇంజను. ఏదో పట్టు దొరికినట్టు చప్పుడు మారింది.

"వచ్చిందండీ, వెనక్కి వచ్చింది." ఇప్పుడా గొంతులో సిగ్గు లేదు, మర్యాద లేదు. పచ్చి భయం ఉంది. "కానీ వెనక కూడా... ఇందాక వచ్చేటప్పుడు లేవు. కల్వర్టు మీద కూడా నీళ్లు పోతున్నాయి. ఎటు పోవాలి నేను? ఎటూ లేదు."

అక్క కళ్లు మూసుకుంది. ఈ చోటు ఆమెకు కొట్టిన పిండి. "భయపడకు. చప్టాకీ కల్వర్టుకీ మధ్య నీ ఎడమ చేతి వైపు... కాదు, నువ్వు వెనక్కి తిరిగాక కుడి వైపు, మట్టి బాట ఒకటి పైకెక్కుతుంది. పైన పాత పంపు హౌస్ ఉంటుంది, ఎర్ర ఇటుకలది. కనిపిస్తోందా?"

"వానలో ఏం కనిపించట్లేదండీ."

"ఒక ఇనుప గేటు ఉంటుంది. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గేటు కనిపిస్తే అక్కడే ఎక్కెయ్. ఎంత పైకి పోతే అంత పైకి పో. బండి కూరుకుపోతే దిగి నడవండి."

"నాన్న నడవలేరండీ."

 

"మోసుకెళ్లండి," అంది అక్క. "ఈడ్చుకెళ్లినా సరే. పైకి తీసుకెళ్లండి. పంపు హౌస్ వెనక గుట్టెక్కితే పై దారే, ఫైర్ వాళ్లు అటే వస్తున్నారు. పంపు హౌస్ దగ్గరున్నారని నేను చెప్తా."

"గేటు... గేటు కనిపించింది!"

అంతే. లైను తెగిపోయింది.

మళ్లీ చేస్తే కలవలేదు. ఇంకోసారి చేసినా కలవలేదు. అక్క తన సెల్‌ఫోన్ తీసి అగ్నిమాపక వాళ్లకు పంపు హౌస్ సంగతి చెప్పింది. ఒక్క మాట తడబడకుండా చెప్పి, ఫోన్ పెట్టేశాక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తూనీగ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ మంచుముక్కల్లా ఉన్నాయి. గుమ్మం పక్క టేబుల్ మీద ఐదు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. వాటి వైపు ఇద్దరూ చూడలేదు.

చాలాసేపటికి బావ తిరిగొచ్చాడు. వెయిటరు, అతనూ నడుము దాకా బురద.

"నువ్వు దిగావు," అంది అక్క.

"ఒడ్డునే జారాను. దిగలేదు." అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "అవతల లైట్లు కనిపించాయి. ముందుకొస్తున్నాయి. టార్చి ఊపాను, అరిచాను, ఎక్కడ వినిపిస్తుంది ఆ హోరులో? ఇద్దరం నీళ్ల అంచున నిలబడి చేతులూపుతున్నాం. అలా వస్తూ వస్తూ ఆగాయి. ఎందుకు ఆగాయో తెలీదు. తర్వాత వెనక్కి పోయాయి." మోచేతి బురద తుడుచుకున్నాడు. "అవి వెనక్కి పోయాక ఇంకొంచెం సేపటికే పైనుంచి ఒక మాను కొట్టుకొచ్చింది. రెండు బారలుంటుంది. చప్టా అంచున పాతిన రాళ్లని పుల్లల్లా లాక్కుపోయింది."

 వెయిటరు లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

వాన తగ్గుముఖం పట్టి, వెలుగు ఇంకా మిగిలి ఉండగానే అగ్నిమాపక బండి పై దారిలో వచ్చింది. అందులోంచి ముందు ఇద్దరు పిల్లలు దిగారు, పెద్దవాళ్ల కోట్లు కప్పుకుని. తర్వాత ముసలాయన్ని ఇద్దరు సిబ్బంది కుర్చీలా చేతులు కలిపి దింపారు. ఆయన వెనక ఆయన కూతురు, ఆమె భర్త. కారు పంపు హౌస్ బాట సగంలోనే కూరుకుపోయిందట. అక్కణ్ణుంచి అల్లుడు మామగారిని వీపు మీద మోశాడట. పిల్లల్ని ఆమె లాక్కొచ్చిందట. వాళ్లు పైకి చేరేసరికి కింద గేటు మునిగిపోయిందట.

అక్క ఆమెను గట్టిగా కావలించుకుంది. ముక్కూ ముఖం తెలియని ఇద్దరు మనుషులు అలా గుమ్మంలో నిలబడిపోయారు. బావ గ్యాస్ వెలిగించి సూప్ వేడి చేశాడు.

కాస్త తెప్పరిల్లాక ఆమె కప్పు రెండు చేతుల్తో పట్టుకుని చెప్పింది. "దారిలో రెండు సార్లు మీ పేజీ తెరిచాను. ఒకసారి తెల్లగా ఉండిపోయింది. ఇంకోసారి మ్యాప్ వచ్చింది, అది ఎంత జరిపినా మ్యాపే. అందులో నీలం గీత చూసే కింది దారి పట్టాం. వాన జోరుకి మధ్యలో చాలాసేపు ఆగిపోయాం. చప్టా దగ్గర మా ఆయన అన్నారు, ఎందుకు వెతుకుతావు, అదిగో బోర్డు, పోనీ అని. బండి దింపేశాను కూడా. ఊరికే, చివరిసారని నొక్కాను. అప్పుడు వచ్చింది. మొత్తం వచ్చేసింది ఒక్కసారే."

"ఎప్పుడు?" అంది తూనీగ. 

"మీకు ఫోన్ చేశాను చూడండి, అప్పుడే. చూసిన వెంటనే చేశాను."

తూనీగ లెక్క వేయకుండా ఉండలేకపోయింది. నకలు చెరిపేసిన క్షణానికీ ఫోన్ మోగిన క్షణానికీ మధ్య తనూ అక్కా ఒకటి రెండు మాటలు మాట్లాడుకున్నారు. అంతే. కంట్రోల్ ప్యానెల్ ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుని ఉంటే? నకలు సంగతి గుర్తు రాకుండా ఉంటే? అక్క మాట విని రోడ్డు మీదికి పరిగెత్తి ఉంటే?  లేచి వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది.

అక్క వెనకే వచ్చింది. "ఏమైందే? అందరూ క్షేమంగా ఉన్నారు కదా."

"ఉన్నారు."

"మరి ఆ ముఖమేంటి?"

 పోయిన నెల తూనీగ ఒక పిల్లల క్లినిక్‌కి పేజీ తయారుచేసింది. అదే కంపెనీ క్యాలెండర్, అలాంటిదే మ్యాప్. అత్యవసరమైతే చేయాల్సిన నంబరు ఆ రెండిటి కిందా ఉంది. తన పెద్ద తెర మీద చూసి, డాక్టరమ్మకు చూపించి, ఇద్దరూ బాగుందనుకున్నారు.

ఫోన్ తీసి ఆ పేజీ నొక్కింది. సిగ్నల్ ఇంకా ఒక గీతే. తెర తెల్లబడింది. అక్క కూడా తొంగి చూసింది.  ఇద్దరూ ఆ తెల్లటి తెర వైపే చూస్తూ నిలబడ్డారు. లోపల పిల్లలు రొట్టె కోసం పోట్లాడుకుంటున్నారు, ముసలాయన వాళ్లని నవ్వుతూ కోప్పడుతున్నాడు. తెర మీద ఇంకా ఏమీ రాలేదు.

"పిండి డబ్బా ఇటు జరుపు అక్కా," అంది తూనీగ, ల్యాప్‌టాప్ అందుకుంటూ.